కిట్‌లో గీత ముదిరినా ఫాలికిల్ ఇంకా పగల్లేదంటే

ప్రశ్న: మాది గుంతకల్లు. నెలసరి 28–29 రోజులకు వస్తుంది. అనంతపురంలో ఫాలిక్యులర్ స్టడీ చేయించుకుంటున్నాం, మందులేమీ వాడటం లేదు. 9వ రోజు కుడివైపు 12 మి.మీ., 11వ రోజు 16, 13వ రోజు 19.5 అన్నారు. 13వ రోజు ఉదయం ఏడింటికి ఓవులేషన్ కిట్‌లో రెండో గీత లేతగా వచ్చింది, సాయంత్రం ఆరింటికి బాగా ముదురుగా వచ్చింది. ఈ రోజు 14వ రోజు. పొద్దున పదింటికి స్కాన్‌కి పోతే "21 ఉంది, ఇంకా పగల్లేదు, రేపు సాయంత్రం రండి" అన్నారు. కిట్ తప్పు చూపించిందా? గుడ్డు పగలకుండా అట్లే ఉండిపోతుందా? ఈ ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ లోపల ఏం చేస్తాయో కాస్త వివరంగా చెప్పండి.

జవాబు:

కిట్ తప్పు చూపించలేదు, ఫాలికిల్ మొండికేయనూ లేదు. మీరు స్కాన్‌కి కొంచెం ముందుగా పోయారంతే. రక్తంలో ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఎగబాకడం మొదలైన సుమారు 34–36 గంటలకు గానీ గుడ్డు బయటికి రాదు. మీ కిట్ పొద్దున లేతగా, సాయంత్రం ముదురుగా వచ్చిందంటే రక్తంలో ఆ ఎగబాకుడు 13వ రోజు తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ మధ్య మొదలై ఉండాలి. రక్తంలో పెరిగిన ఎల్‌హెచ్ మూత్రంలో కనబడటానికి కొన్ని గంటలు పడుతుంది. అక్కడి నుంచి 36 గంటలు లెక్కేస్తే ఈ రోజు సాయంత్రానికీ రేపు తెల్లవారుజాముకూ మధ్య ఎప్పుడో పగలాలి. పొద్దున పదింటికి అది నిండుగా కనబడటమే సరైన సంగతి. రేపు సాయంత్రం రమ్మన్న వాళ్ల లెక్క కూడా ఇదే.

బిడ్డ కోసం చూస్తున్నారు కాబట్టి ఈ రాత్రిని వదులుకోకండి. బయటికి వచ్చిన గుడ్డు 12 నుంచి 24 గంటలే నిలుస్తుంది. వీర్యకణాలు లోపల మూడు నుంచి ఐదు రోజులు ఉండగలవు. అందుకని "పగిలింది" అని రిపోర్టు చేతికి వచ్చాక కలవడం కన్నా పగలక ముందటి రెండు రోజులే ఎక్కువ పనికొస్తాయి.

ఇక లోపల జరిగేది. ముందు ఒక అపోహ తీసేద్దాం. స్కాన్‌లో "21 మి.మీ. గుడ్డు" అంటుంటారు, ఆ 21 గుడ్డుది కాదు. గుడ్డు మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది, స్కాన్‌కి అది కనబడదు. కనబడేది దాన్ని మోస్తున్న నీటి సంచి, అదే ఫాలికిల్. 20 మి.మీ. సంచిలో పట్టే ద్రవం సుమారు 4 మిల్లీలీటర్లు, అంటే టీ స్పూనుకు కాస్త తక్కువ. 12 మి.మీ. దగ్గర అది ఒక మిల్లీలీటరు కూడా ఉండదు. కొలత రెట్టింపు కాకుండానే ద్రవం నాలుగైదు రెట్లు అవుతుంది. ఆ సంచి గోడకు లోపలివైపు చిన్న గుత్తిలో అంటుకుని గుడ్డు ఉంటుంది.

ఎఫ్‌ఎస్‌హెచ్ పని: అందరినీ లేపి, ఒకరినే మిగల్చడం

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చోటి నుంచి గంటకో గంటన్నరకో ఒకసారి ఒక చిన్న సంకేతం పిట్యూటరీ గ్రంథికి వెళ్తుంది. దానికి బదులుగా పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్‌నీ ఎల్‌హెచ్‌నీ రక్తంలోకి వదులుతుంది. రెండూ పుట్టేది ఒకే గ్రంథిలో. ఏది ఎంత, ఎప్పుడు వదలాలన్నది మాత్రం చాలావరకు అండాశయం నుంచి తిరిగొచ్చే హార్మోన్లే తేలుస్తాయి. ఈ రానూపోనూ బేరం అర్థమైతే మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

పోయిన నెల గుడ్డు విడుదలయ్యాక మిగిలిన సంచి పసుపు రంగు ముద్దగా మారి ప్రొజెస్టరాన్, ఈస్ట్రోజన్, ఇన్‌హిబిన్ తయారుచేస్తూ వచ్చింది. ఆ మూడూ ఉన్నన్నాళ్లూ పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్‌ని అణచిపెట్టుకుంటుంది. గర్భం రాకపోతే ఆ ముద్ద సుమారు పద్నాలుగు రోజులకు వాడిపోతుంది, హార్మోన్లు పడిపోతాయి, నెలసరి వస్తుంది. అదే వేళకు పిట్యూటరీ మీది పట్టు వదిలి ఎఫ్‌ఎస్‌హెచ్ పైకి లేస్తుంది. రక్తస్రావం మొదలయ్యే ఒకటి రెండు రోజుల ముందే ఈ లేవడం మొదలవుతుంది. 2వ రోజో 3వ రోజో రక్తపరీక్ష రాసి ఎఫ్‌ఎస్‌హెచ్ చూడమనేది అందుకే. ఆ రెండు మూడు రోజుల్లోనే ఈస్ట్రోజన్ అడుగున ఉండి, పిట్యూటరీ ఎంత గట్టిగా తోయాల్సి వస్తోందో తెలుస్తుంది. పది దాటి పోతోందంటే అండాశయంలో నిల్వ తగ్గుతోందేమోనని అనుమానిస్తారు. అదే పరీక్ష 12వ రోజు చేయిస్తే ఆ అంకెకు అర్థం ఉండదు.

ఆ వేళకు రెండు అండాశయాల్లో కలిపి 2 నుంచి 5 మి.మీ. ఉన్న చిన్న ఫాలికిల్స్ కొన్ని సిద్ధంగా ఉంటాయి. ఇవి నిన్నమొన్న పుట్టినవి కావు. హార్మోన్ల సాయం పెద్దగా లేకుండా నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతూ ఇక్కడిదాకా వచ్చాయి. ఇక్కడి నుంచి మాత్రం ఎఫ్‌ఎస్‌హెచ్ లేకపోతే బతకవు. ఎఫ్‌ఎస్‌హెచ్ ఒక మోతాదు దాటగానే ఆ గుంపంతా ఒకేసారి పెరగడం మొదలుపెడుతుంది.

మరి చివరికి ఒకటే ఎందుకు మిగులుతుంది? మన అనంతపురం శెనక్కాయ చేను తలుచుకోండి. మంచి పదునులో విత్తితే అన్నీ మొలుస్తాయి. ఆ తర్వాత వాన ముఖం చాటేస్తే పదును ఆరేకొద్దీ, వేరు లోతుకు దిగిన మొక్కే పచ్చగా నిలుస్తుంది, పక్కవి వాడిపోతాయి. అండాశయంలో అచ్చంగా అదే జరుగుతుంది, ఒక్క తేడాతో. ఇక్కడ వానను ఆపేది ఆ బలమైన మొక్కే. పెరుగుతున్న ఫాలికిల్స్ ఈస్ట్రోజన్, ఇన్‌హిబిన్ వదులుతాయి. అవి పిట్యూటరీకి చేరి ఎఫ్‌ఎస్‌హెచ్‌ని కిందికి దించుతాయి. 5వ రోజు నుంచి 7వ రోజు లోపల ఈ దిగడం మొదలవుతుంది. అప్పటికే కొంచెం ముందున్న ఫాలికిల్‌కు, అంటే సుమారు 10 మి.మీ. చేరినదానికి, గోడ కణాల మీద ఎఫ్‌ఎస్‌హెచ్‌ని పట్టుకునే గ్రాహకాలు ఎక్కువ, చుట్టూ రక్తనాళాలూ ఎక్కువ. కొద్దిపాటి ఎఫ్‌ఎస్‌హెచ్‌తోనే అది గడుపుకుంటుంది. పైగా గోడ లోపలి కణాల మీద ఎల్‌హెచ్ గ్రాహకాలు కూడా మొలిపించుకుని, ఎఫ్‌ఎస్‌హెచ్ చాలని చోట ఎల్‌హెచ్‌తో పని నడుపుకుంటుంది. ఆ గ్రాహకాలు మొలిపించిందీ ఎఫ్‌ఎస్‌హెచ్చే. మిగిలినవి వాడిపోతాయి.

మీ 9వ రోజు స్కాన్‌లో కుడివైపు 12 ఒకటే రాశారంటే ఈ ఎంపిక అప్పటికే అయిపోయిందన్నమాట. ఎడమవైపు "చిన్నవి ఉన్నాయి" అని ఉంటే దానికి కంగారుపడాల్సిన పని లేదు, అవి ఓడిపోయినవి. ఐవీఎఫ్‌లో రోజూ ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లు ఇచ్చేది ఈ పదును ఆరిపోకుండా పెట్టడానికే. అందుకే అక్కడ ఒకటికి బదులు పది దాకా పెరుగుతాయి.

ఈస్ట్రోజన్ ఎక్కడి నుంచి వస్తుంది

ఫాలికిల్ గోడకు రెండు వరసలు ఉంటాయి. బయటి వరస ఎల్‌హెచ్ మాట విని ఆండ్రోజన్లు, అంటే మగ హార్మోన్ల జాతివి, తయారుచేస్తుంది. అక్కడి నుంచి ఈస్ట్రోజన్ చేయడం దానికి సరిగా చేతకాదు. లోపలి వరస ఎఫ్‌ఎస్‌హెచ్ మాట విని అరోమటేజ్ అనే ఎంజైమును సిద్ధం చేసుకుంటుంది. బయటి నుంచి అందిన ఆండ్రోజన్‌ను ఈ ఎంజైమే ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. ఒకరు నూలు వడికితే ఒకరు నేసినట్టు. నూలు ఆగినా మగ్గం ఆగినా బట్ట రాదు.

లెట్రోజోల్ మాత్ర పనిచేసేది సరిగ్గా ఈ మగ్గం దగ్గరే. నెలసరి 2వ రోజో 3వ రోజో మొదలుపెట్టి ఐదు రోజులు ఇస్తారు, సాధారణంగా 2.5 మిల్లీగ్రాములతో మొదలు. అది అరోమటేజ్‌ను ఆపుతుంది. ఈస్ట్రోజన్ తగ్గిందని పిట్యూటరీ తన వంతుగా ఎఫ్‌ఎస్‌హెచ్ పెంచుతుంది, ఆగిపోయిన ఫాలికిల్ కదులుతుంది. ఐదు రోజులకు మాత్ర ఆపేస్తే ఈస్ట్రోజన్ మళ్లీ లేస్తుంది. ఆ లేవడం అవసరం కూడా, ఎందుకో చూడండి.

అణిచే చెయ్యే తోసే చెయ్యి అవుతుంది

ఈ మొత్తం కథలో చాలామందికి మింగుడుపడని చోటు ఇది. ఇంతవరకూ ఈస్ట్రోజన్ పిట్యూటరీని అణిచింది. ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గడానికి కారణం అదే, ఎల్‌హెచ్ పెద్దగా లేవకపోవడానికీ అదే. కానీ ఒక్క ఫాలికిల్ పెద్దదై, రక్తంలో ఈస్ట్రోజన్ మిల్లీలీటరుకు సుమారు 200 పికోగ్రాములు దాటి, దాదాపు 50 గంటలు అక్కడే నిలబడితే అదే ఈస్ట్రోజన్ అణచడం మాని తోయడం మొదలుపెడుతుంది. మోతాదు ఒక్కటే చాలదు, నిలకడ కూడా కావాలి. కొద్ది గంటలు దాటి పడిపోతే లెక్కలోకి రాదు.

ఈ మధ్యలో పిట్యూటరీ ఎల్‌హెచ్‌ని తయారుచేసి కణాల్లో నిల్వ పెట్టుకుంటూ ఉంటుంది. హైపోథాలమస్ సంకేతానికి అది స్పందించే తీరు కూడా చురుకవుతుంది. ఆ గడువు నిండగానే నిల్వంతా ఒక్క ఊపున బయటికి వస్తుంది. రక్తంలో ఎల్‌హెచ్ కొన్ని గంటల్లోనే అనేక రెట్లు అవుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా అదే వేళకు లేస్తుంది, అంత ఎత్తుకు కాదు. మొత్తం ఉప్పెన సుమారు రెండు రోజులు ఉండి దిగిపోతుంది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఉప్పెనకు ముహూర్తం పెట్టేది క్యాలెండరు కాదు, మెదడు సొంతంగానూ పెట్టదు. ఫాలికిల్ "నేను తయారు" అని ఈస్ట్రోజన్ రూపంలో కబురు పంపితేనే అది వస్తుంది. అందుకే ఒక నెల 13వ రోజు, ఇంకో నెల 17వ రోజు కావచ్చు. ఫాలికిల్ పెరగడం ఆలస్యమైతే అన్నీ ఆలస్యమవుతాయి. అందరికీ 14వ రోజే అనుకుని లెక్కలు కట్టేవాళ్లు ఇక్కడే తప్పుతారు.

మీ అంకెలు దీని మీద పెట్టి చూద్దాం. 9 నుంచి 11వ రోజుకు 4 మి.మీ., 11 నుంచి 13కు 3.5, 13 నుంచి 14కు 1.5 పెరిగింది. రోజుకు ఒకటిన్నర నుంచి రెండు, ఇది మామూలు నడక. 11వ రోజు 16 దగ్గర ఈస్ట్రోజన్ ఆ 200 పికోగ్రాములకు అటూ ఇటూగా చేరి ఉండాలి. రక్తపరీక్ష చేయలేదు కాబట్టి ఇది పరిమాణాన్ని బట్టి వేసిన అంచనా మాత్రమే. అక్కడి నుంచి 50 గంటలంటే 13వ రోజుకు వస్తాం. మీ కిట్ ముదిరిందీ ఆ రోజే. స్కానూ కిట్టూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే మాట చెబుతున్నాయి. కిట్‌ను నమ్మొచ్చని అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ 36 గంటల్లో ఏం జరుగుతుంది

ఎల్‌హెచ్ వచ్చి తలుపు తడితే గుడ్డు వెంటనే ఎందుకు రాదు? ఎందుకంటే ఆ గడువులో మూడు పనులు కావాలి.

మొదటిది గుడ్డు లోపలి పని. మీ గుడ్డు మీరు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడే విభజన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. ఇన్నేళ్లూ అట్లే ఆగి ఉంది. చుట్టూ ఉన్న కణాలు దాన్ని ఆపి ఉంచే సంకేతం పంపుతూనే ఉంటాయి. ఎల్‌హెచ్ నేరుగా గుడ్డుతో మాట్లాడదు. ఫాలికిల్ గోడ కణాలకు తగులుతుంది, అవి వేరే రసాయనాలు వదిలి గుడ్డు చుట్టూ ఉన్న గుత్తికి కబురు చేరవేస్తాయి, అప్పుడు ఆపే సంకేతం తెగిపోతుంది. గుడ్డు విభజన మళ్లీ సాగి, 46 క్రోమోజోముల్లో సగం ఒక చిన్న తునకలో బయటికి నెట్టి, 23 ఉంచుకుని మళ్లీ ఆగుతుంది. వీర్యకణం చొచ్చుకొచ్చేదాకా అక్కడే ఉంటుంది. ఈ పని పూర్తికాని గుడ్డు బయటికి వచ్చినా ఫలదీకరణకు పనికిరాదు.

రెండోది గుత్తి విడివడడం. సబ్జా గింజలు నీళ్లలో వేస్తే కాసేపటికి ఒక్కో గింజ చుట్టూ జిగురు పట్టి ఉబ్బుతుంది కదా? గుడ్డు చుట్టూ ఉన్న కణాలు కూడా అట్లాంటి జిగురునే వదిలి ఒకదానికొకటి దూరంగా జరుగుతాయి. ఇక్కడ జిగురు హయలురోనిక్ ఆమ్లం. ఎల్‌హెచ్‌తో పాటు లేచిన ఆ చిన్న ఎఫ్‌ఎస్‌హెచ్ అల ఈ పనిలో సాయపడుతుంది. గుత్తి గోడ నుంచి ఊడి ద్రవంలో తేలుతుంది. ఈ జిగురు లేకపోతే సంచి పగిలినా గుడ్డు గోడకే అంటుకుని ఉండిపోవచ్చు. బయట గర్భనాళం చివర ఉన్న కుచ్చు దాన్ని పట్టుకుని లోపలికి లాక్కోవడానికి కూడా ఈ జిగురే పట్టు.

మూడోది గోడ పగలడం. చాలామంది లోపల ఒత్తిడి పెరిగి బుడగలా ఢామ్మని పేలుతుందనుకుంటారు. అట్లా కాదు. వాపు తెచ్చే ప్రొస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు, గోడలోని నారను కొరికే ఎంజైములు కలిసి అండాశయం ఉపరితలం వైపు ఒక చోట గోడను పలచన చేస్తాయి. ఆ చోట రక్తం అందక పాలిపోయి చిన్న మచ్చలా ఉబ్బుతుంది. అది తెరుచుకుంటే ద్రవం మెల్లగా కారుతుంది, దానితో పాటు గుడ్డు గుత్తి జారుతుంది. ఇది చాలా మటుకు వాపు లాంటి ప్రక్రియే, కాబట్టే వాపు తగ్గించే మాత్రలు దీనికి అడ్డం పడతాయి. ఆ సంగతి కింద చెబుతాను.

ఈ గడువు ఎంత కచ్చితమో ఐవీఎఫ్‌లో తెలుస్తుంది. అక్కడ సహజమైన ఉప్పెన బదులు ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఇస్తారు. చాలాసార్లు అది హెచ్‌సీజీ, 5,000 లేదా 10,000 యూనిట్లు. ఎల్‌హెచ్ పట్టుకునే గ్రాహకాన్నే అదీ పట్టుకుంటుంది, కాకపోతే చాలా ఎక్కువసేపు రక్తంలో నిలుస్తుంది. రాత్రి 9కి ఇంజెక్షన్ ఇస్తే ఎల్లుండి ఉదయం 7 నుంచి 9 మధ్య గుడ్లు తీస్తారు. మరీ ముందు తీస్తే పచ్చివి వస్తాయి, మరీ ఆలస్యమైతే ఫాలికిల్స్ పగిలిపోయి ఖాళీగా దొరుకుతాయి. ఇంజెక్షన్ రాత్రి 9కి చెబితే 9కే వేయించుకోమని అంత గట్టిగా చెప్పేది ఇందుకే. ఇంట్లో కలవమని చెప్పే కేసుల్లో అంత పట్టింపు అక్కర్లేదు, గంట అటూ ఇటూ అయినా పోయేదేమీ లేదు.

ట్రిగ్గర్ 18 దగ్గరే ఎందుకు

కొంతమంది "14 ఉంది కదా, ఇంజెక్షన్ వేసేయండి, నెల దండగ కాకుండా" అని అడుగుతారు. అలా వేయరు. ఎల్‌హెచ్‌ని వినాలంటే లోపలి వరసకు తగినన్ని ఎల్‌హెచ్ గ్రాహకాలు ఉండాలి. అవి ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రోజన్ సాయంతో సుమారు 10 మి.మీ. నుంచి మొదలై 17–18 దగ్గరికి బాగా పరుచుకుంటాయి. ముందే తొందరపెడితే గోడ కణాలు ప్రొజెస్టరాన్ చేయడం మొదలుపెడతాయి గానీ గుడ్డు పక్వం కాకపోవచ్చు, గోడ తెరుచుకోకపోవచ్చు. మీరు మందులు వాడటం లేదు, మీ ఉప్పెన దానంతటదే వచ్చింది. మీకు ఇంజెక్షన్ ఎందుకు ఇవ్వలేదనే సందేహం అక్కర్లేదు.

ఎక్కడెక్కడ తేడా కొడుతుంది

కిట్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మన సీమ ఎండకు ఇది ఎక్కువగా బలయ్యే వస్తువు. చాలా కిట్ల డబ్బా మీద 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచమని ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కడపలో, అనంతపురంలో బండి డిక్కీలో పెట్టి నాలుగు గంటలు మర్చిపోతే ఆ డిక్కీ లోపలి వేడి ఎంతో మీరే ఊహించుకోండి. కంట్రోల్ గీత కూడా రాకపోతే ఆ స్ట్రిప్ పారేయండి. కంట్రోల్ గీత వచ్చినా వేడి తగిలిందని అనుమానం ఉంటే కొత్త ప్యాకెట్‌తో చూడండి.

రెండో తేడా నీళ్లతో. ఎండకు లీటర్లకు లీటర్లు తాగి వెంటనే కిట్ వేస్తే మూత్రం పలచబడి ఎల్‌హెచ్ ఉన్నా గీత లేతగా వస్తుంది. కిట్ వేయబోయే రెండు గంటల ముందు నుంచి నీళ్లు ఎక్కువ తాగకుండా, మూత్రం పోకుండా ఉండి వేయండి. మీరు పొద్దునా సాయంత్రమూ రెండుసార్లు వేశారు, మంచి పని. ఒక్క పొద్దునే వేసే వాళ్లకు ఉప్పెన ఎప్పుడు మొదలైందో ఒక పూట తేడా వచ్చేస్తుంది.

పీసీఓఎస్ ఉన్నవాళ్ల దగ్గర కిట్ నిజంగానే మోసం చేయగలదు. వాళ్లలో హైపోథాలమస్ సంకేతాలు వేగంగా వస్తూ ఎల్‌హెచ్‌ను ఎప్పుడూ కొంచెం ఎత్తులో ఉంచుతాయి, ఎఫ్‌ఎస్‌హెచ్ మాత్రం చాలినంత ఉండదు. ఫాలికిల్స్ బోలెడు లేస్తాయి, 5–9 మి.మీ. దగ్గర ఆగిపోతాయి. ఏదీ 200 పికోగ్రాములు దాటించేంత పెద్దది కాదు కాబట్టి అసలు ఉప్పెన రాదు. కిట్ మాత్రం నాలుగైదు రోజులు వరసగా ముదురు గీత చూపిస్తుంటుంది. గీత ఒకటి రెండు రోజులు ముదిరి మళ్లీ లేతబడితే ఉప్పెన, రోజుల తరబడి ముదురుగానే ఉంటే అనుమానం. మీది ఉదయం లేత, సాయంత్రం ముదురు. రేపటికో ఎల్లుండికో మళ్లీ లేతబడిందా చూసుకోండి, మిగిలిన స్ట్రిప్‌లకు ఆ పని పెట్టండి.

ఇక మీరు భయపడుతున్న సంగతి. ఉప్పెన వచ్చి కూడా గోడ పగలకుండా ఉండిపోవడం ఉంది. ఫాలికిల్ అట్లే ఉండి, లోపల గీతలు గీతలుగా, మబ్బుగా కనబడుతూ, ఒక్కోసారి 25–30 మి.మీ. దాటిపోతుంది. తమాషా ఏమిటంటే కణాలు మాత్రం ప్రొజెస్టరాన్ చేస్తూనే ఉంటాయి. శరీర ఉష్ణోగ్రత పెరుగుతుంది, ప్రొజెస్టరాన్ పరీక్ష బాగానే వస్తుంది, నెలసరి వేళకే వస్తుంది. గుడ్డు మాత్రం లోపలే చిక్కుకుంటుంది. దీన్ని పట్టేది స్కాన్ ఒక్కటే. ఇది ఎవరికైనా ఎప్పుడో ఒక నెల రావచ్చు. ఒక్క నెల వస్తే పట్టించుకోరు, వరసగా వస్తుంటే ఎండోమెట్రియోసిస్ లాంటివి చూస్తారు.

దీనికి మనం చేజేతులా తెచ్చుకునే కారణం ఒకటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఇండోమెథసిన్, ఎటోరికాక్సిబ్ లాంటి నొప్పి మాత్రలు ప్రొస్టాగ్లాండిన్లను ఆపుతాయి. ప్రొస్టాగ్లాండిన్లు లేకపోతే పైన చెప్పిన ఆ మచ్చ తెరుచుకోదు. నడుము నొప్పి అని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో సగం ఈ జాతివే. కిట్ ముదిరిన రోజు నుంచి రెండు మూడు రోజులు వీటిని మీ అంతట మీరు వేసుకోవద్దు. నొప్పి ఉంటే పారాసిటమాల్ సరిపోతుందేమో డాక్టరుని అడగండి. కీళ్లవాతానికో దేనికో రోజూ వాడేవాళ్లయితే సొంతంగా ఆపకండి, గైనకాలజిస్టుకు ఆ మాత్ర పేరు చెప్పండి.

రేపటి స్కాన్‌లో ఏం చూడాలి

కుడివైపు ఆ 21 మి.మీ. గుండ్రటి నల్ల సంచి లేకుండా పోవాలి, లేదా ముడుచుకుని అంచులు వంకరపోయి చిన్నదైపోవాలి. గర్భాశయం వెనకాల కొద్దిగా ద్రవం కనబడితే అది సంచి నుంచి కారినదే. గర్భాశయం లోపలి పొర నిన్నటిదాకా మూడు గీతలుగా కనబడుతుంటే, ప్రొజెస్టరాన్ తగిలేకొద్దీ ఒక రెండు రోజుల్లో అంతా తెల్లగా కలిసిపోతుంది. ద్రవం కనబడలేదని బెంగపడొద్దు, కొందరిలో అది త్వరగా ఇంకిపోతుంది. ఫాలికిల్ ముడుచుకోవడమే ముఖ్యం.

ఒకవేళ రేపు సాయంత్రానికీ అదే 21–22 ఉండి, లోపల స్వచ్ఛంగా నల్లగా ఉంటే ఇంకో రోజు ఆగి చూస్తారు. కిట్ గీత ముదిరిన వేళ నుంచి లెక్కేసినా గడువుకు కొంత అటూ ఇటూ ఉంటుంది. అప్పటికీ పగలకపోతే పైన చెప్పిన చిక్కుకుపోయిన ఫాలికిల్ అయి ఉండొచ్చు. అది సాధారణంగా తర్వాతి నెలసరికి తానే కరిగిపోతుంది. ఆపరేషన్ అన్న మాట ఎవరైనా ఎత్తితే ముందు తర్వాతి నెలసరి అయ్యాక ఒక స్కాన్ చేయించమని అడగండి.

ప్రొజెస్టరాన్ పరీక్ష రాస్తే అది "21వ రోజు" అని చీటీలో ఉంటుంది. ఆ 21 ఉన్నది 28 రోజుల వాళ్లకు. నిజానికి కావాల్సింది గుడ్డు విడుదలై ఏడు రోజులయ్యాక. మీ విషయంలో ఈ రాత్రి అనుకుంటే 21 లేదా 22. మీ చెల్లెలికో వదినకో 35 రోజుల నెలసరి ఉంటే ఆమె 28వ రోజు ఇవ్వాలి. 21నే ఇస్తే తక్కువొచ్చి గుడ్డు విడుదలే కాలేదని రాసేస్తారు. మిల్లీలీటరుకు 3 నానోగ్రాములు దాటితే విడుదలైందని సాధారణంగా తీసుకుంటారు, చిక్కుకున్న ఫాలికిల్ సంగతి మాత్రం మినహాయించి.

చివరగా, వచ్చే నెల ఎవరైనా హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇస్తే 14 రోజుల లోపు ఇంట్లో ప్రెగ్నెన్సీ కిట్ వేయకండి. ఆ కిట్ వెతికేది హెచ్‌సీజీనే, మీకు వేసింది కూడా అదే. 10,000 యూనిట్లయితే పది రోజుల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఒంట్లో కనబడుతుంది. రెండు గీతలు చూసి ఇల్లంతా స్వీట్లు పంచి, నాలుగు రోజులకు నెలసరి వచ్చి ఏడ్చే వాళ్లు ఎంతోమంది. ఇంజెక్షన్ వేసుకున్న తేదీ, గంట చీటీ మీద రాసి పెట్టుకోండి.